ఆగకండి అన్న మాట

స్టూడియోల్లో ఆమెని అందరూ ఫుల్‌స్టాపక్క అనే పిలుస్తారు. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే రోజుల్లో పడిన పేరది. ఎంత పెద్ద విలేఖరి రాసిన వాక్యమైనా సరే, చేంతాడులా సాగిందంటే మధ్యలో చుక్క పెట్టి రెండు ముక్కలు చేసేది. ఎవరైనా గొడవకొస్తే, "మీరే ఒకసారి పైకి చదవండి. మధ్యలో ఊపిరి పీల్చకుండా చివరిదాకా వెళ్తే నా చుక్క నేను తీసేస్తాను" అనేది. సగం దాటకముందే దగ్గొచ్చి ఊరుకునేవాళ్ళు.

పత్రిక మూతపడ్డాక స్క్రిప్టులు రాయటంలోకి వచ్చింది. సినిమాలవి కావు. ఆసుపత్రులకీ, బ్యాంకులకీ, ఫ్యాక్టరీలకీ తీసే చిన్న చిన్న ఫిల్ములవి. కాగితాన్ని నిలువునా రెండు చేసి, ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు చెవికి వినిపించేది రాస్తుంది. రాసింది పూర్తయ్యాక వంటింట్లో గట్టు పక్కన నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని పైకి చదువుతుంది. ఎక్కడ ఊపిరి ఆడలేదో అక్కడ గీత. ముందు గదిలో మిషను కుట్టుకునే వాళ్ళక్క, "మళ్ళీ మొదలెట్టావా తల్లీ" అని విసుక్కుంటూనే మిషను ఆపి వింటుంది. ఇద్దరికీ యాభై దాటాయి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నోళ్ళు మాత్రం వేర్వేరు అంటుంది అక్క. చెల్లెలి నోటికి తలుపు లేదని ఆవిడ ఫిర్యాదు.

ఆ నోటి వల్ల పోయిన పనులు లేకపోలేదు. ఒక చిట్‌ఫండ్ కంపెనీవాళ్ళు, "మీ కలలకు రెక్కలు తొడుగుతాం అని రాయండి మేడమ్" అంటే, "ఎన్నో వాయిదాకి తొడుగుతారు?" అని అడిగింది. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఈమె కూడా ఎదురు చూడలేదు.

ఆమెకి పనులు తెచ్చేది ఒక చిన్న ఫిల్ము కంపెనీ నడిపే కుర్రవాడు. కుర్రవాడంటే నలభై ఉంటాయి, ఈమెకి తమ్ముడు వరస. మంచివాడే. ఎవరినీ కాదనలేడు. ఏ గొడవ వచ్చినా "సర్దేద్దాం" అంటాడు కాబట్టి ఈమె అతనికి సర్దుబాటు తమ్ముడని పేరు పెట్టింది. ఎదురుగానే అలా పిలుస్తుంది. అతను నవ్వేసి దాన్ని కూడా సర్దుకున్నాడు.

ఒక పెద్దాసుపత్రివాళ్ళు గుండె ఆపరేషనయ్యి ఇంటికి వెళ్ళబోయే రోగులకి చూపించటానికి ఐదు నిమిషాల ఫిల్ము అడిగారు. ఇంటికెళ్ళాక ఎలా నడవాలి, ఏం ఎత్తకూడదు, మందులెలా వేసుకోవాలి, ఏం జరిగితే ఆసుపత్రికి రావాలి. వార్డులో మంచాల ఎదురుగా టీవీ ఉంటుంది, అందులో వేస్తారు. ఆసుపత్రి తరఫున చూసేది ఆపరేషన్ తర్వాత రోగుల బాగోగులు చూసే డాక్టరమ్మ. గొంతు ఇచ్చేది ముప్ఫై ఏళ్ళు రేడియోలో వార్తలు చదివి రిటైరైన పెద్దాయన. ఊళ్ళో సగంమందికి ఆయన మొహం తెలియదు, గొంతు తెలుసు. అందరికీ ఆయన రేడియో బాబాయి.

ఫుల్‌స్టాపక్కకి ఒక అలవాటుంది. డ్రాఫ్టు క్లయింటుకి పంపిన రోజే చదివేవాళ్ళకీ పంపిస్తుంది. ఎవరి నోట్లో తిరగాల్సిన మాటలో వాళ్ళు ముందే చూడాలంటుంది. రికార్డింగు గదిలో కూర్చున్నాక "ఈ మాట నాకు పలకటం లేదు" అంటే అప్పుడు నెత్తి బాదుకుని లాభం లేదని ఆమె వాదన. ఈసారి కూడా అలాగే ఇద్దరికీ పంపింది. ఇద్దరి దగ్గరినుంచీ ఒకే రోజు జవాబులొచ్చాయి.

డాక్టరమ్మ డ్రాఫ్టు నిండా ఎర్రగీతలు గీసి పంపింది. భాష మరీ ఇంట్లో కబుర్లు చెప్పుకున్నట్టుంది, ఆసుపత్రికి తగిన హుందాతనం కావాలంది. "ఆపరేషన్ తర్వాత" కొట్టేసి "శస్త్రచికిత్సానంతరం" అని రాసింది. బరువులు ఎత్తొద్దంటే చాలదు, నీళ్ళ బకెట్టు, చంటిపిల్లలు అని విడిగా చెప్పాలంది. ప్రమాద లక్షణాల దగ్గర మూడు గీతలు గీసి, "తీవ్రత చాలదు. ఏడు లక్షణాలూ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాలి. అశ్రద్ధ చేస్తే ప్రాణాపాయం అని స్పష్టంగా ఉండాలి" అని రాసింది.

రేడియో బాబాయి రాతలో పంపలేదు, గొంతులోనే పంపాడు. అమ్మాయ్, ఇంకా పుస్తకం వాసన వస్తోందన్నాడు. మందుల భాగం ఐదు నిమిషాల్లో పట్టదు, తగ్గించమన్నాడు. ప్రమాద లక్షణాల దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు గట్టిపడింది. "ఇది తీసెయ్యమ్మా. ఎదురుగా మంచం మీద ఎదరొమ్ము కోయించుకున్న మనిషి పడుకుని ఉంటాడు. గోడ మీదనుంచి నేను 'నీకు చావొస్తుంది' అని చెప్పాలా? నేను చదవను."

సర్దుబాటు తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్కా, రెండూ చూశావుగా. ఇద్దరివీ పెట్టేసెయ్."

"ఒకరు పెంచమన్నారు, ఒకరు తీసెయ్యమన్నారు. రెండూ ఎలా పెడతావో నువ్వు ఒకసారి పెట్టి చూపించు తమ్ముడూ."

అతను గొంతు తగ్గించి అన్నాడు. "అయితే ఒక పని చేద్దాం. కాగితం మీద డాక్టరుగారు చెప్పినట్టే రాసెయ్, ఆవిడ సంతకం పెడతారు. రికార్డింగుకి ఆవిడ రారు. బాబాయి తనకి నచ్చినట్టు మెత్తగా చదివేస్తారు. అంతా అయ్యాక ఎవరు పోల్చి చూస్తారక్కా?"

చేతిలో ఉన్న టీ గ్లాసుని ఆమె గట్టు మీద పెట్టింది. మాట మాత్రం పెద్దది చెయ్యలేదు. గొంతు పెంచకుండా మాట్లాడిందంటే భయపడాలని అతనికి తెలుసు.

"అంటే నేను రాసిన కాగితం ఒకటి, రోగి వినేది ఒకటి. మధ్యలో ఏదైనా అయితే ఎవరి మెడకి చుడతారు? ఆవిడని మోసం చేసి, ఆయన్ని అడ్డం పెట్టుకుని, నా పేరు కింద వేసి పంపిస్తావా? నేను పోస్టుమేనుని కాదు తమ్ముడూ, ఇద్దరి ఉత్తరాలూ తెచ్చి ఒక కవర్లో పెట్టి అంటించటానికి. రాసేది నేను."

"మరేం చేద్దామంటావ్?"

"ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టు."

అతను నవ్వాడు. క్లయింటుని, గొంతిచ్చేవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టటం ఎక్కడా జరగదని, అలా చేస్తే తెల్లారేసరికి స్క్రిప్టులో తలా ఒక వాక్యం రాసుకుంటారని చెప్పాడు. అతను చెప్పిందీ అబద్ధం కాదు. ఆమె ఒప్పుకోలేదు. "అయితే వేరేవాళ్ళతో రాయించుకో. నేను రాసింది వాళ్ళకివ్వకు, అంతే" అంది.

అతను వేరేవాళ్ళని వెతకలేదు. వద్దనీ అనలేదు. "నీ ఇష్టమక్కా, నాకు మాత్రం తెలియదు" అన్నాడు. అది చాలనుకుంది. ఇద్దరికీ తనే ఫోన్ చేసింది.

ఆ లోపు పని ఆపలేదు. రెండు రకాల మాటల్నీ ముందేసుకుని కూర్చుంది. మందుల పేర్లు, బరువులు, నడక, వీటిలో డాక్టరమ్మ చెప్పిన ప్రతి విషయాన్నీ తీసుకుంది. నీళ్ళ బకెట్టూ, చంటిపిల్లలూ తన మాటకంటే బాగున్నాయని ఒప్పుకుని కళ్ళకద్దుకున్నట్టే రాసుకుంది. నోటికి సంబంధించినవాటిలో బాబాయి మాట విన్నది. మందుల భాగంలో సగం మాటలు తీసి తెర మీద బొమ్మకి అప్పగించింది. చేతిలో మాత్ర కనిపిస్తుంటే "ఇది మాత్ర" అని గొంతు చెప్పక్కర్లేదు. "శస్త్రచికిత్సానంతరం" దగ్గర మాత్రం డాక్టరమ్మ గీతని చెరిపేసింది. ఇలా ఒక్కొక్కటే తేలిపోయాక చూస్తే, ఇద్దరి మాటలూ నిజంగా కొట్టుకుంటున్నది ఒక్క చోటే. ప్రమాద లక్షణాల దగ్గర.

అక్కడ తను రాసిన వాక్యం ఇది: "నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తే ఆగకండి, వెంటనే ఆసుపత్రికి రండి."

చిన్న వాక్యం. నోటికి హాయిగా ఉంది. పెంచేది లేదు, తీసేది లేదు అనుకుంది. "ఇద్దరూ కలిసి నా మీద పడ్డా ఈ వాక్యం కదలదు, చూస్తూ ఉండు" అని అక్కతో అంది. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు.

డాక్టరమ్మ గదిలో కలిశారు, మధ్యాహ్నం రోగుల వరస అయ్యాక. బల్ల మీద ప్లాస్టిక్ గుండె ఒకటి, రెండుగా విడదీసి పెట్టి ఉంది. డాక్టరమ్మ అప్పుడే చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నలభై అయిదు ఉంటాయేమో, కళ్ళ కింద నలుపు. రేడియో బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచున, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోగలిగేలా కూర్చున్నాడు. సర్దుబాటు తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నాకు పావుగంటే ఉంది. నేను చెప్పాల్సింది రాసి పంపాను కదా" అంది డాక్టరమ్మ.

"మీరు చెప్పినదానికి సరిగ్గా ఎదురు ఈయన చెప్పారండి. ఇద్దరిలో ఒకరి మాట దాచిపెట్టి నేను రాయలేను. అందుకని పిలిచాను" అంది ఫుల్‌స్టాపక్క.

డాక్టరమ్మ పెద్దాయన వైపు తిరిగింది. "మొన్నామధ్య ఒకాయన ఇంటికెళ్ళి నాలుగు రోజులు కూడా కాలేదు. రాత్రి నొప్పొచ్చింది. పొద్దున్నే వెళ్దాంలే అనుకున్నారు. పొద్దున మేం చెయ్యటానికి ఏమీ మిగల్లేదు. మీరేమో భయపెట్టొద్దంటున్నారు. వాళ్ళు భయపడాలండి. నాకు కావాల్సింది అదే."

బాబాయి నెమ్మదిగా అన్నాడు. "వరదలప్పుడు వార్తలు చదివానమ్మా. ఒకసారి గొంతులో కాస్త బెదురు చూపించాను. జనం నేను చెప్పిన ఊరు పేరు విని, చెప్పిన దారి వినకుండా పరిగెత్తారు. భయపడ్డ మనిషికి చెవులుండవు. మంచం మీద పడుకున్నవాడికి ఏడు రకాల చావులు వరసగా చెప్తే ఒక్కటీ గుర్తుండదు. ఆ రాత్రికి నిద్ర మాత్రం ఉండదు."

ఇద్దరి మాటలో దేన్నీ తీసిపారేయటానికి లేదు. తలుపు దగ్గర తమ్ముడు "మధ్యస్తంగా ఏదైనా" అని మొదలుపెట్టాడు. ఫుల్‌స్టాపక్క చూపుతోనే అతని మాటకి చుక్క పెట్టేసింది.

"బాబాయ్, ఇక్కడే ఒకసారి పైకి చదవండి. నేను రాసింది రాసినట్టు. నచ్చకపోయినా సరే."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదవటం మొదలుపెట్టగానే ఆ గది కొంచెం పెద్దదైనట్టు అనిపించింది. గొంతు అలాంటిది. నడక గురించి చదివాడు, రోజూ కొంచెం కొంచెం పెంచటం గురించి చదివాడు. తర్వాత: "నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తే... ఆగకండి." అలవాటు ప్రకారం కామా దగ్గర ఊపిరి తీసుకున్నాడు.

"అయ్యో, ఆగాలి" అంది డాక్టరమ్మ.

బాబాయి కాగితం దించాడు. "ఏమిటమ్మా?"

"నడుస్తుంటే నొప్పొచ్చిందంటే ఆగిపోవాలండి. ఉన్నచోటే కూర్చోవాలి. ఆగకండి అంటే నడుస్తూనే ఉంటారు."

"ఆలస్యం చెయ్యకండని కదా నేను..." అని ఫుల్‌స్టాపక్క అంటూనే ఆగిపోయింది. తను రాసినప్పుడు ఆ మాటకి ఆమె చెవిలో ఒకటే అర్థం ఉంది. ఆయన గొంతులోనుంచి వచ్చాక రెండున్నాయి. రెండోది మనిషిని చంపేది. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల వాక్యాల్లో చుక్కలు పెట్టిన మనిషి, తన వాక్యంలో ఇది చూడలేదు.

పెన్ను తీసి వాక్యాన్ని మొత్తం కొట్టేసింది. ఆ గీత కింది కాగితం మీద కూడా అచ్చు పడింది.

"తప్పు నాదేనండి. ఇది పోయింది" అంది. తమ్ముడు ఊరటగా ఏదో అనబోయాడు. ఆమె ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తింది. "కానీ ఒక్క మాట. మీరు దీని పక్కన తీవ్రత చాలదని రాశారు, ఈయన తీసెయ్యమన్నారు. మీరిద్దరూ చెప్పింది చెప్పినట్టు చేసి ఉంటే, మీ ఏడు లక్షణాల మధ్యలో ఈ వాక్యం అలాగే ఉండేది. లేదా మొత్తం పోయి రోగికి ఏమీ తెలిసేది కాదు. ఇద్దరికీ ఇక్కడ ఏదో బాగాలేదనిపించింది, అది నిజం. ఏం చెయ్యాలో చెప్పింది మాత్రం ఇద్దరిదీ కుదరలేదు. అందుకే మందు మీరు రాయకండి. ఎక్కడ నొప్పో చెప్పండి, చాలు. మందు నేను రాస్తాను."

డాక్టరమ్మకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఈ మాట తను రోజూ రోగులతో అనేదే. "సరే, రాయండి" అంది. గడియారం వైపు చూడటం మానేసింది.

ఫుల్‌స్టాపక్క ముందు ఆవిడనే అడిగింది. "ఈ ఏడింటిలో క్షణం ఆగకుండా అంబులెన్సుకి ఫోన్ చెయ్యాల్సినవి ఏవి? ఫోన్ చేసి మిమ్మల్ని అడగగలిగినవి ఏవి? అది మీరే చెప్పాలి. నేను చెప్పేది కాదు."

డాక్టరమ్మ వేళ్ళు మడిచింది. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవటం, స్పృహ తప్పటం. ఈ మూడింటికీ ఇంక ఆలోచించేది లేదు. కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము, జ్వరం, కాళ్ళ వాపుతో బరువు గబగబా పెరగటం, ఇవి అదే రోజు ఫోన్ చెయ్యాల్సినవి.

"అయితే గొంతులో మూడే చెప్దాం. మిగతావి తెర మీద నిలబడతాయి, ఇంటికిచ్చే కాగితంలో ఉంటాయి. ఫోన్ నంబరు కూడా."

"నాకు ఏడూ వినపడాలి" అంది డాక్టరమ్మ.

"వినపడవండి. ఏడూ చెప్తే మొదటి మూడూ మునిగిపోతాయి. ఇక్కడ నేను కదలను."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "మూడైనా సరే, ఆ పడుకున్నవాడితో ఎలా చెప్పనమ్మా?" అన్నాడు, ఈసారి మొండిగా కాదు, నిజంగానే అడిగినట్టు.

ఫుల్‌స్టాపక్క ప్లాస్టిక్ గుండెని పక్కకి జరిపి కాగితం ముందుకి లాక్కుంది. "ఆయనతో ఎందుకు చెప్తారు? పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషితో చెప్పండి. భార్యో, కొడుకో, చెల్లెలో. ఆ రాత్రి నొప్పొచ్చినప్పుడు ఫోన్ తియ్యాల్సింది వాళ్ళేగా. పొద్దున్నే వెళ్దాంలే అన్నదీ వాళ్ళే అయ్యుంటారు."

డాక్టరమ్మ తల ఊపింది. "ఆయన భార్యే అంది. ఈయన నిద్ర చెడగొట్టటం ఎందుకని."

అక్కడే, ఆ బల్ల మీదే రాసింది ఫుల్‌స్టాపక్క. రాసి బాబాయి చేతిలో పెట్టింది. ఆయన ఒకసారి కళ్ళతో చదువుకుని, తర్వాత పైకి చదివాడు.

"పక్కనున్నవాళ్ళకి ఒక మాట. ఛాతీలో నొప్పి అంటే, నడుస్తుంటే నడక ఆపించండి. ఉన్నచోటే కూర్చోబెట్టండి. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా అంతే. రాత్రయినా సరే. తెల్లారేదాకా చూడకండి. మీరు చేసే ఆ ఒక్క ఫోను ఆయన ప్రాణం."

"'ఆయన ప్రాణం' బదులు 'మీ మనిషి ప్రాణం' అంటే?" అన్నాడు బాబాయి. "ఆడవాళ్ళూ ఉంటారుగా మంచం మీద."

"పెట్టండి" అంది ఆమె వెంటనే. మాట బాగుంటే అది ఎవరిదైనా తీసుకోవటానికి ఆమెకి నామోషీ లేదు.

డాక్టరమ్మ 'ప్రాణం' అన్న మాట కింద వేలు పెట్టి చూసుకుంది. తను అడిగిన భయం అందులో ఉంది. ఏడు లక్షణాల గురించి మళ్ళీ అడగలేదు. "ఆ శస్త్రచికిత్సానంతరం కూడా వద్దంటారా?" అంది లేస్తూ.

"వద్దండి. మీరు కూడా ఇందాకటినుంచి ఒక్కసారీ ఆ మాట అనలేదు."

రికార్డింగు రోజు ఆమె అద్దానికి ఇవతల కూర్చుని వేలు పెట్టి ప్రతి మాటా కాగితంతో పోల్చుకుంది. సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు రావాలి, ఒక్క అక్షరం మారినా డాక్టరమ్మకి చెప్పాలి అని ముందే షరతు పెట్టింది. బాబాయి ఒకచోట 'కూర్చోబెట్టండి'కి బదులు 'కూర్చోపెట్టండి' అంటే మళ్ళీ చదివించింది. ఆయన విసుక్కున్నాడు, చదివాడు.

అంతా బాగుందనుకునేసరికి ఆసుపత్రి ఆఫీసునుంచి ఇంకో కబురొచ్చింది. మొదట్లో యాజమాన్యం ఘనత గురించి అర నిమిషం ఉండాలట. ఎన్ని ఆపరేషన్లు చేశారో, ఏ బహుమతులొచ్చాయో. మాటలు వాళ్ళే రాసి పంపారు, అందులో "అహర్నిశలు" రెండుసార్లుంది.

"అర నిమిషమేగా అక్కా, సర్దేద్దాం" అన్నాడు తమ్ముడు.

"ఐదు నిమిషాల్లో అర నిమిషం తియ్యాలంటే ఏం తీస్తావ్? నడకా, మందులా? ఈ స్క్రిప్టుకి సరే అనాల్సింది డాక్టరుగారొక్కరే అని మొదట్లో అనుకున్నాం. ఆవిడ అన్నారు. ఇంక దీని మీద నేను పెన్ను పెట్టను. వాళ్ళు కావాలంటే విడిగా అతికించుకోమను. నా పేరు తీసెయ్యమను."

అతను బాబాయిని అడిగాడు. ఆ పెద్దాయన కూడా, "నా గొంతు 'పక్కనున్నవాళ్ళకి ఒక మాట' దగ్గరే బాబూ, బహుమతుల దగ్గర కాదు" అన్నాడట. ఆ ముక్క ఫోన్‌లో చెప్తున్నప్పుడు తమ్ముడి గొంతులో విసుగుంది, కొంచెం నవ్వు కూడా ఉంది.

చివరికి యాజమాన్యం వేరే గొంతుతో ఆ అర నిమిషం చదివించి ముందు అతికించుకుంది. ఫిల్ము ఐదున్నర నిమిషాలైంది. ఆమె పేరు తీసేశారు. మిగతా ఐదు నిమిషాల్లో ఒక్క మాటా కదల్లేదు, ఆమె అడిగి మరీ కనుక్కుంది.

తర్వాత కొన్నాళ్ళు తమ్ముడు ఫోన్ చెయ్యలేదు. అక్క మిషను తొక్కుతూ, "పోయిందా ఆ పని కూడా?" అంది. "పోతే పోనీ" అంది ఆమె. పనులు లేని ఆ రోజుల్లో వంటింట్లో నిలబడి, పాత స్క్రిప్టులన్నీ మళ్ళీ పైకి చదివింది, ప్రతి వాక్యాన్నీ రెండు రకాలుగా. ఇంకెక్కడా రెండో అర్థం దొరకలేదు.

నెల తిరక్కుండా అతనే వచ్చాడు, ఒక ఫ్యాక్టరీవాళ్ళ ఫిల్ము పట్టుకుని. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. "ఈసారి క్లయింటు ఒక్కరు కాదక్కా, ముగ్గురు. ముగ్గురూ మూడు రకాలు చెప్తున్నారు. మరి..."

"కుర్చీలు ఎన్ని కావాలో చెప్పు" అంది ఆమె.